ఓబీఎస్‌లో కాన్వాస్, అవుట్‌పుట్ కొలతలు: తక్కువ బిట్‌రేట్‌లోనూ గేమ్ మసకబారకుండా

వైజాగ్‌లో ఉండే మా పిన్ని కొడుకు రాత్రిపూట జీటీఏ 5 స్ట్రీమ్ చేస్తుంటాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నా, మినీమ్యాప్ కూడా మసగ్గా ఉందని చాట్‌లో ఒకటే గోల. నెట్ ప్లాన్ మార్చేయనా?" అని అడిగాడు. ప్లాన్ మార్చాల్సిన అవసరం రాలేదు. వాడు స్ట్రీమ్ చేయడానికి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లోని వీడియో పేజీ స్క్రీన్‌షాట్ ఒకటి పంపమన్నాను. తప్పు అందులోనే దొరికింది.

వాడి ల్యాప్‌టాప్ తెర 1920x1080. గేమ్ కూడా అదే కొలతలో ఆడుతున్నాడు. ఓబీఎస్‌లో మాత్రం కాన్వాస్ 1536x864 అని ఉంది, అవుట్‌పుట్ 1920x1080 అని ఉంది. అంటే గేమ్ బొమ్మ ముందు చిన్నదై, తర్వాత మళ్లీ పెద్దదై బయటికి పోతోంది. చొక్కాని బిగువు చేయించి, మళ్లీ కుట్లు విప్పి వదులు చేయించినట్టు. బట్ట అదే, కానీ కుట్ల గుర్తులు పోవు. పైగా అంత పెద్ద బొమ్మకు బిట్‌రేట్, అంటే సెకనుకు పంపే బిట్ల లెక్క, 4500 కేబీపీఎస్ మాత్రమే ఇస్తున్నాడు. ఇవి రెండు వేర్వేరు తప్పులు. రెండూ మసకలాగే కనిపిస్తాయి కాబట్టి జనం ఒకదానికి వేయాల్సిన మందు రెండోదానికి వేస్తుంటారు.

ముందు మసక ఏ రకమో తేల్చుకోండి

సెట్టింగ్స్ ముట్టుకోకముందే ఒక చిన్న పరీక్ష చేయాలి. ఇందుకు లైవ్‌కి వెళ్లనక్కర్లేదు. `Settings` లో `Output` తెరిచి, `Output Mode` ని `Advanced` కి మార్చండి. `Recording` ట్యాబ్‌లో `Video Encoder` దగ్గర `Use stream encoder` ఎంచుకోండి. ఇప్పుడు రికార్డ్ చేస్తే, లైవ్‌లో బయటికి పోయే ఎన్‌కోడింగే ఫైలుగా హార్డ్‌డిస్క్‌లోకి వస్తుంది.

గేమ్‌లో ఏదైనా బోర్డు ముందు పది సెకన్లు కదలకుండా నిలబడండి. తర్వాత ఒక నిమిషం పాటు చెట్లు ఎక్కువగా ఉన్న రోడ్డు మీద వేగంగా బండి నడపండి. రికార్డింగ్ ఆపి, ఆ ఫైలును ఫుల్‌స్క్రీన్‌లో చూడండి.

నిలబడి ఉన్నప్పుడు కూడా అక్షరాల అంచులు మెత్తగా, పొగ పట్టినట్టు ఉంటే అది స్కేలింగ్ తప్పు. ఎందుకంటే బొమ్మ కదలనప్పుడు, వీడియోను తక్కువ బిట్లలోకి మార్చే ఎన్‌కోడర్‌కు పని దాదాపు ఉండదు. తక్కువ బిట్‌రేట్ అయినా ఒకటి రెండు సెకన్లలో బొమ్మను పూర్తిగా తేర్చేస్తుంది. అప్పటికీ తేరలేదంటే, ఎన్‌కోడర్ చేతికి అందిన బొమ్మే మసకది. అలాకాక నిలబడితే శుభ్రంగా ఉండి, బండి కదలగానే ఆకులు, తారురోడ్డు గళ్లుగళ్లుగా ముద్దైపోతుంటే అది బిట్‌రేట్ చాలకపోవడం. కదలని బొమ్మ కూడా ప్రతి రెండు సెకన్లకోసారి ఊపిరి తీసినట్టు కాస్త మసకై మళ్లీ తేరుతుంటే, అదీ బిట్‌రేట్ లోటే. కీఫ్రేమ్ వచ్చిన ప్రతిసారీ మొత్తం బొమ్మను కొత్తగా గీయాలి, దానికి బిట్లు చాలడం లేదన్నమాట.

మా వాడి రికార్డింగ్‌లో రెండు జబ్బులూ ఉన్నాయి.

ఒక జాగ్రత్త. ఓబీఎస్ కిటికీలో కనిపించే ప్రివ్యూ చూసి షార్ప్‌గా ఉందో లేదో తేల్చకండి. కిటికీలో పట్టేలా దాన్ని కుదించి చూపిస్తారు కాబట్టి, అసలు బొమ్మ బాగున్నా ప్రివ్యూలో అంచులు విరిగినట్టు కనిపించవచ్చు. ప్రివ్యూ మీద రైట్ క్లిక్ చేసి `Preview Scaling` లో `Canvas` ఎంచుకుంటే అసలు కొలతలో చూపిస్తుంది. అయినా నేను రికార్డింగ్‌నే నమ్ముతాను.

బొమ్మ వెళ్లే దారి

గేమ్ గీసిన బొమ్మ చూసేవాళ్ల దాకా వెళ్లేలోపు ఓబీఎస్‌లో మూడు చోట్ల కొలత మారే అవకాశం ఉంది. గేమ్ క్యాప్చర్ సోర్స్‌ను కాన్వాస్ మీద పెట్టినప్పుడు మొదటిసారి, కాన్వాస్ నుంచి అవుట్‌పుట్‌కు పోయేటప్పుడు రెండోసారి. ఇక అవుట్‌పుట్ పేజీలో `Rescale Output` అని ఒకటుంది, అది ఆన్‌లో ఉంటే మూడోసారి.

కాన్వాస్ అంటే మీరు గేమ్, ఫేస్‌క్యామ్, పేరు బోర్డు అన్నీ పేర్చుకునే బల్ల. అవుట్‌పుట్ అంటే ఆ బల్ల మొత్తాన్ని ఫొటో తీసి ఎన్‌కోడర్‌కు ఇచ్చే సైజు. కొలత మారిన ప్రతిసారీ పక్కపక్క పిక్సెళ్లను కలిపి కొత్తవి తయారుచేస్తారు. అందులో పోయిన వివరం తర్వాత పెద్దది చేసినా తిరిగి రాదు. అందుకే నేను పాటించే సూత్రం ఒక్కటే: బొమ్మ కొలత ఒకేసారి, ఒకేచోట, తగ్గే దిశలోనే మారాలి.

కాన్వాస్ సరిచేయడం

స్ట్రీమ్, రికార్డింగ్, వర్చువల్ కెమెరా అన్నీ ఆపేయండి. అవి నడుస్తుంటే వీడియో సెట్టింగ్స్ మార్చనివ్వదు. తర్వాత `Settings` లో `Video` పేజీ తెరవండి. పైన ఉన్న `Base (Canvas) Resolution` దగ్గర గేమ్ ఏ కొలతలో నడుస్తోందో అదే ఉండాలి. మన ఉదాహరణలో 1920x1080. లిస్టులో ఆ కొలత లేకపోతే ఆ గడిలోనే టైప్ చేయవచ్చు.

1536x864 ఎక్కడి నుంచి వచ్చిందని మా వాడు అడిగాడు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ 125 శాతం పెట్టి ఉంది, ల్యాప్‌టాపుల్లో ఇది మామూలే. 1920ని 1.25తో భాగిస్తే 1536, 1080ని భాగిస్తే 864. అక్షరాలు పెద్దగా కనిపించడానికి విండోస్ వేసుకున్న లెక్క కాన్వాస్ గడిలోకి వచ్చి కూర్చుంది. తర్వాత ఎవరిదో వీడియో చూసి, అవుట్‌పుట్ గడిలో మాత్రం 1920x1080 అని టైప్ చేశాడు. మీ కాన్వాస్‌లో 1536x864 కనిపించి, అది మీరు కావాలని పెట్టింది కాకపోతే మార్చేయండి. 150 శాతం స్కేల్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇదే 1280x720గా కనిపిస్తుంది. అది మామూలు కొలతే కాబట్టి అనుమానం కూడా రాదు.

కాన్వాస్ మార్చాక సోర్సులన్నీ ఒకసారి చూసుకోవాలి. గేమ్ క్యాప్చర్‌ను ఎంచుకుని `Ctrl+R` నొక్కండి. ఇది సోర్స్‌ను దాని అసలు కొలతకు తెస్తుంది. అప్పుడు గేమ్ బొమ్మ కాన్వాస్‌ను అంచుల దాకా సరిగ్గా నింపితే గేమ్, కాన్వాస్ ఒకే కొలతలో ఉన్నట్టు. చుట్టూ నల్లటి ఖాళీ మిగిలితే గేమ్ చిన్న కొలతలో నడుస్తోంది. బయటికి పొంగిపోతే పెద్ద కొలతలో నడుస్తోంది. చాలామంది ఇక్కడ అలవాటుగా ఎర్ర అంచు పట్టుకుని లాగేస్తారు, లేదా `Ctrl+F` నొక్కి సరిపెట్టేస్తారు. కంటికి అంతా కుదిరినట్టే ఉంటుంది గానీ, రావాల్సిన మసక అక్కడే వచ్చేస్తుంది. లాగకండి. గేమ్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌కి వెళ్లి అక్కడి రిజల్యూషన్ సరిచేయండి.

జీటీఏలో ఇంకో మెలిక ఉంది. అడ్వాన్స్‌డ్ గ్రాఫిక్స్‌లో `Frame Scaling Mode` ఒకటి కంటే తక్కువైతే, రిజల్యూషన్ 1920x1080 అని చూపిస్తూనే లోపల చిన్నగా గీసి పెద్దది చేస్తుంది. ఇది ఓబీఎస్‌కు తెలియదు. `Ctrl+R` పరీక్షలో కూడా దొరకదు. దాన్ని ఆఫ్‌లో ఉంచండి. వేరే గేముల్లో దీన్నే రెండర్ స్కేల్ అంటారు, అక్కడ 100 ఉండాలి. గ్రాఫిక్స్ కార్డు అంత బరువు మోయలేకపోతే నీడలు, గడ్డి తగ్గించండి గానీ ఇది తగ్గించకండి. మోషన్ బ్లర్ కూడా తీసేయండి.

అవుట్‌పుట్: ఉన్న బిట్లను ఎన్ని పిక్సెళ్లకు పంచాలి

మా వాడి నెట్‌ను సాయంత్రం రద్దీ వేళ కొలిస్తే అప్‌లోడ్ 6 నుంచి 7 ఎంబీపీఎస్ మధ్య ఆడుతోంది. అందులో మూడు వంతులు వాడుకుని, ఒక వంతు గేమ్‌కు, ఇంట్లో వాళ్లకు వదిలేయడం నా లెక్క. అంటే 4500 కేబీపీఎస్. సెకనుకు 45 లక్షల బిట్లు. ఇది మన జీతం. ఇక ఖర్చు చూద్దాం.

1920x1080 బొమ్మ సెకనుకు 60 సార్లు పోవాలంటే సెకనుకు సుమారు 12 కోట్ల 44 లక్షల పిక్సెళ్లు. 45 లక్షల బిట్లను వాటికి పంచితే నూరు పిక్సెళ్లకు మూడున్నర బిట్లు మాత్రమే వస్తాయి. అదే 1280x720 అయితే 5 కోట్ల 53 లక్షల పిక్సెళ్లు. నూరు పిక్సెళ్లకు ఎనిమిది బిట్లు అందుతాయి. హెచ్.264 ఎన్‌కోడింగ్‌లో, జీటీఏలాగా తెర మొత్తం పరుగెత్తే గేమ్‌కు నూటికి ఎనిమిది నుంచి పది బిట్లు ఉంటే ఆకులు ఆకుల్లాగే ఉంటాయని నా అనుభవం. ఐదు కంటే తగ్గితే ముద్దే. చదరంగం, కార్డుల ఆటల్లాంటివి మూడుతో కూడా నడుస్తాయి, వాటిలో కదిలేది తక్కువ కదా.

కాబట్టి మా వాడికి `Output (Scaled) Resolution` దగ్గర 1280x720 పెట్టించాను. వాడికి మొదట నచ్చలేదు. "720 అంటే చూసేవాళ్లు చులకనగా చూస్తారన్నా" అన్నాడు. 1080 అని రాసి ఉన్న ముద్ద కంటే 720 అని రాసి ఉన్న స్పష్టమైన బొమ్మ మేలని నేను నోటితో చెప్పలేదు. రెండు సెట్టింగ్స్‌తోనూ అదే రోడ్డు మీద రికార్డ్ చేసి పక్కపక్కన పెట్టి చూడమన్నాను. రెండో ఫైలు సగం కూడా చూడకముందే ఒప్పుకున్నాడు.

మీ అప్‌లోడ్ వేరేలా ఉంటే లెక్క మార్చుకోండి. 2500 కేబీపీఎస్ మాత్రమే ఇవ్వగలిగితే 720లోనే ఉండి ఫ్రేములు 30కి దించండి. పిక్సెళ్లు సగమవుతాయి, నూటికి తొమ్మిది బిట్లు వస్తాయి. కదలికలో నునుపు తగ్గుతుంది గానీ ఒక్కో ఫ్రేమ్ శుభ్రంగా ఉంటుంది. 6000 కేబీపీఎస్ ఇవ్వగలిగితే 1536x864ను అవుట్‌పుట్‌గా ప్రయత్నించవచ్చు, నూటికి ఏడున్నర బిట్లు పడతాయి. ఇందాక తీసేయమన్న కొలతే ఇది. అక్కడ కాన్వాస్‌గా తప్పు, ఇక్కడ అవుట్‌పుట్‌గా ఒప్పు.

అయితే 864 ట్విచ్‌లో సరే. అక్కడ మీరు పంపిన బొమ్మను ఉన్నదున్నట్టుగా చూసే వీలుంటుంది. యూట్యూబ్ ప్రతి స్ట్రీమ్‌నూ తన 480, 720, 1080 వరసల్లోకి మళ్లీ ఎన్‌కోడ్ చేసుకుంటుంది కాబట్టి, అక్కడ ఆ వరసల్లో ఉన్న కొలతే పంపడం మంచిది.

కుదించే ఫిల్టర్

అదే పేజీలో `Downscale Filter` ఉంటుంది. కాన్వాస్, అవుట్‌పుట్ ఒకటే అయితే దానితో పని లేదు. మనం 1080 నుంచి 720కి కుదిస్తున్నాం కాబట్టి ఇక్కడ ఎంపిక తేడా చూపిస్తుంది. ఒకటిన్నర పిక్సెల్‌ను ఒక పిక్సెల్‌గా మార్చాలి, అంటే పిక్సెళ్లు సరిగ్గా లెక్కకు కుదరవు.

`Bilinear` చవకైనది, మసగ్గా ఉంటుందని ఓబీఎస్ కూడా పక్కనే రాసి చెప్తుంది. గ్రాఫిక్స్ కార్డు మరీ పాతదైతే తప్ప వద్దు. `Lanczos` 36 చుక్కలను చూసి లెక్క వేస్తుంది, అంచులు బాగా తేలతాయి. చాలా వీడియోల్లో కళ్లు మూసుకుని ఇదే పెట్టమంటారు. తక్కువ బిట్‌రేట్‌లో నేను అలా అనను. లాంజోస్ అంచులను పదును చేసేటప్పుడు వాటి పక్కన సన్నని వెలుతురు గీత ఒకటి వస్తుంది. ఆకులు, కంచెలు, విద్యుత్ తీగలు ఉన్న బొమ్మలో ఆ గీతలు వేలల్లో ఉంటాయి. ఎన్‌కోడర్ వాటిని కూడా వివరాలే అనుకుని బిట్లు ఖర్చు పెడుతుంది. బండి ఆగినప్పుడు బొమ్మ అదిరిపోతుంది, కదిలినప్పుడు ముందే ముద్దవుతుంది.

`Bicubic` 16 చుక్కలతో పని కానిస్తుంది. 5000 కేబీపీఎస్ లోపు 720కి ఇదే నా ఎంపిక. మానిటర్ 2560x1440 అయి, కాన్వాస్ కూడా అదే అయి, అవుట్‌పుట్ 1280x720 అయితే మాత్రం `Area` పెట్టండి. సరిగ్గా రెండింట ఒకటి కాబట్టి నాలుగు పిక్సెళ్ల సగటు ఒక పిక్సెల్ అవుతుంది. బొమ్మ శుభ్రంగా ఉంటుంది, ఎన్‌కోడర్‌కూ సుఖం.

మసక పోగొడదామని సోర్స్ మీద షార్పెన్ ఫిల్టర్ వేసేవాళ్లు ఉన్నారు. లాంజోస్ గురించి చెప్పిన ఇబ్బందే దానికీ ఉంది, ఇంకా ఎక్కువగా. తీసేయండి.

చివరగా `Output` పేజీలో `Streaming` ట్యాబ్‌కు వెళ్లి `Rescale Output` ఆఫ్‌లో ఉందని చూసుకోండి. రేట్ కంట్రోల్ `CBR`, బిట్‌రేట్ 4500, కీఫ్రేమ్ ఇంటర్వెల్ 2 సెకన్లు. ఎన్‌వీడియా కార్డు ఉంటే `NVENC H.264` చాలు.

అనుకున్నవి నిజంగా అమల్లోకి వచ్చాయో లేదో `Help` మెనూలో `Log Files`, అందులో `View Current Log` తెరిచి చూడొచ్చు. చివరిగా వచ్చిన ఈ వరసలు వెతకండి:

```
base resolution:   1920x1080
output resolution: 1280x720
downscale filter:  Bicubic
fps:               60/1
```

తర్వాత మళ్లీ పాత పరీక్షే: పది సెకన్లు నిలబడటం, నిమిషం బండి నడపడం. నడిపేటప్పుడు `Docks` మెనూలోని `Stats` తెరిచి ఉంచండి. రెండరింగ్ లాగ్ వల్ల తప్పిన ఫ్రేములు పెరుగుతుంటే గేమ్ గ్రాఫిక్స్ కార్డును పూర్తిగా తినేస్తోంది, గేమ్‌లో ఎఫ్‌పీఎస్ పరిమితి పెట్టండి. ఎన్‌కోడింగ్ లాగ్ పెరిగితే ఎన్‌కోడర్ ప్రీసెట్ ఒక మెట్టు దించండి. నెట్‌వర్క్ వల్ల పడిపోయిన ఫ్రేములు లైవ్‌లోనే తెలుస్తాయి, అవి కనిపిస్తే బిట్‌రేట్ 500 చొప్పున తగ్గించి చూడండి. ఇవేవీ మసక తెచ్చేవి కావు, బొమ్మను ఎగిరెగిరి పడేలా చేసేవి. రెండింటినీ కలిపేసుకుంటే మళ్లీ మొదటికొస్తాం.

తెలుగు అక్షరాలు, ఎర్ర రంగు

సెట్టింగ్స్ అన్నీ మార్చాక గేమ్ బాగుంది గానీ, మా వాడు కింద పెట్టుకున్న తెలుగు పేరు బోర్డు చెడిపోయింది. కారణం సులువే. కాన్వాస్ మీద 24 సైజులో రాసిన అక్షరం 720కి వచ్చేసరికి 16 అవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు 16లో కూడా బతుకుతాయి. తెలుగులో తలకట్టు, గుడి, కింద వత్తు అన్నీ ఆ పదహారు పిక్సెళ్ల ఎత్తులోనే ఇరుక్కోవాలి. "స్త్రీ" లాంటి అక్షరం చుక్కల ముద్ద అవుతుంది. తెలుగు రాత ఏదైనా కాన్వాస్ మీద 40కి తగ్గకుండా, బోల్డ్‌లో పెట్టండి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంట్ ఈ పనికి సరిపోతుంది. పెద్దది చేయాలంటే సోర్స్ అంచు పట్టి లాగకుండా, ప్రాపర్టీస్‌లో ఫాంట్ సైజే పెంచండి.

రంగు సంగతి కూడా ఉంది. మామూలు స్ట్రీమ్‌లో వెలుతురు ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఉంటుంది గానీ, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే. నల్లటి పట్టీ మీద సన్నని ఎర్ర అక్షరాలు పెడితే, వాటిని విడదీసి చూపించేది ఎక్కువగా రంగే కాబట్టి ఎంత బిట్‌రేట్ ఇచ్చినా అంచులు కారినట్టు ఉంటాయి. దీన్ని ఏ స్కేలింగ్ ఫిల్టరూ బాగుచేయలేదు. మా వాడి బోర్డు కూడా నలుపు మీద ఎరుపే. అక్షరాలు తెలుపు చేసి, ఎరుపును వెనక పట్టీకి మార్చాడు.

పేరు బోర్డు, చాట్ పట్టీ, అలర్టులు బాగా ఎక్కువగా ఉండి, లోకల్‌గా 1080లో రికార్డింగ్ అవసరం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. కాన్వాస్, అవుట్‌పుట్ రెండూ 1280x720 పెట్టేయండి. గేమ్ సోర్స్‌ను `Ctrl+F` తో సరిపెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి `Scale Filtering` లో `Bicubic` ఎంచుకోండి. ఆ ఎంపిక మర్చిపోతే గేమ్ మసగ్గానే ఉంటుంది. ఇలా చేస్తే కుదింపు గేమ్‌కు మాత్రమే, ఒక్కసారే జరుగుతుంది. అక్షరాలు నేరుగా 720లో గీస్తారు కాబట్టి వాటికి ఏ కుదింపూ ఉండదు, తెలుగు 28 సైజులో కూడా చదవగలిగేలా వస్తుంది. మా వాడికి షార్ట్స్ కోసం 1080 రికార్డింగ్ కావాలి కాబట్టి ఈ దారి పట్టలేదు. వాడు కాన్వాస్ 1080లోనే ఉంచుకుని, `Recording` ట్యాబ్‌లో వేరే ఎన్‌కోడర్ ఎంచుకుని, వీడియో పేజీలోని అవుట్‌పుట్‌ను 1920x1080కి మార్చి, `Streaming` ట్యాబ్‌లో `Rescale Output` ఆన్ చేసి 1280x720 పెట్టుకున్నాడు. ఆఫ్ చేయమన్న మీట ఇక్కడ ఆన్ అయింది గానీ, స్ట్రీమ్ దారిలో కుదింపు ఇప్పటికీ ఒక్కటే.